ట్యాగ్ మీద విషయం కాదు, చదివి తెలుసుకున్నది రాయండి

మా విద్యార్థి ఒకతను తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పదార్థాల మీద పీహెచ్‌డీ చేశాడు. థీసిస్ సమర్పించే ముందు ఇచ్చే సెమినార్‌లో, అంతవరకు జరిగిన పరిశోధన అంతటినీ గంటసేపు చక్కగా వివరించాడు. చింతగింజల పొడి, ఎముకల బొగ్గు, లాటరైట్ మట్టి, యాక్టివేటెడ్ అల్యూమినా, రకరకాల నానో పదార్థాలు, ఒక్కొక్కటి ఎంత ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందో చూపే పెద్ద పట్టిక. వెనుక వరసలో గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు కూర్చుని ఉన్నారు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఇన్ని పదార్థాలు చెప్పావు కదా బాబూ, వీటిలో నిజంగా ఊరి బోరు నీళ్లు పోసి పరీక్షించినవి ఎన్ని?"

అతను తడబడ్డాడు. "చూసి చెప్తాను సార్" అన్నాడు.

అతను చదవక కాదు. 430 పేపర్లు జొటెరోలో భద్రంగా ఉన్నాయి. 38 ఫోల్డర్లు కట్టాడు. ఏ పదార్థం పేరు చెప్పినా క్షణంలో ఆ ఫోల్డర్ తెరిచి చూపించగలడు. కానీ ఇంజినీరు గారి ప్రశ్న ఏ ఒక్క ఫోల్డర్‌లోనూ ఇమిడేది కాదు, 38 ఫోల్డర్లనూ అడ్డంగా కోసుకుంటూ పోయే ప్రశ్న. జవాబు చెప్పాలంటే అన్ని పేపర్లూ మళ్లీ తెరవాలి. వాటిలో చాలా వాటిని అతను ఒకసారి చదివాడు. నీళ్లు ఎక్కడివో అప్పుడు కళ్లతో చూశాడు కూడా. కానీ ఎక్కడా రాసుకోలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. పేపర్లను విషయాన్ని బట్టి సర్దుకోవడం మనం అనుకున్నంత పనికొచ్చేది కాదు. ఏ పేపరు దేని గురించో కంప్యూటర్‌కు ముందే తెలుసు. దానికి తెలియనిది, మీరు చదివాక తెలుసుకున్నది. ట్యాగులూ నోట్సూ ఉన్నది దాని కోసం.

వెతికితే దొరికేదానికి ట్యాగ్ దండగ

ఈ పరికరాలతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. రిఫరెన్స్ మేనేజర్ అంటే పరిశోధకుడి సొంత గ్రంథాలయానికి కేటలాగ్ లాంటిది. జొటెరోను 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగ కేంద్రంలో తయారుచేశారు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగం. బ్రౌజర్‌లో ఒక పేపరు తెరిచి బొత్తాం నొక్కితే శీర్షిక, రచయితలు, పత్రిక, సంవత్సరం, వీలైతే పీడీఎఫ్‌తో సహా వచ్చి చేరతాయి. థీసిస్ రాసేటప్పుడు ఆ పేపరును ఉదహరిస్తే చివర గ్రంథసూచి దానంతట అదే తయారవుతుంది. చాలామంది ఈ చివరి సౌకర్యం కోసమే దీన్ని వాడతారు.

దీని వెతుకు పెట్టెలో `Everything` అనే ఎంపిక ఉంది. అది పెట్టుకుంటే శీర్షికలతో పాటు పీడీఎఫ్‌ల లోపలి పాఠాన్నీ గాలిస్తుంది. చింతగింజల మాట ఉన్న పేపర్లన్నీ ఒక్క వెతుకులాటలో బయటపడతాయి. అలాంటప్పుడు 'చింతగింజలు' అని ట్యాగ్ కట్టడం వల్ల కొత్తగా వచ్చేది లేదు. 'ఫ్లోరైడ్' అని కడితే అది మొత్తం 430కీ వర్తిస్తుంది. అన్నిటికీ వర్తించే ట్యాగ్, ఒక్కదానికే వర్తించే ట్యాగ్, రెండూ ఏ పనీ చేయవు.

పైగా మనం కట్టకపోయినా ట్యాగులు వచ్చిపడతాయి. పేపరుతో పాటు పత్రికవాళ్లు, గ్రంథాలయాలవాళ్లు ఇచ్చిన కీలకపదాలను కూడా జొటెరో ట్యాగులుగా దించుకుంటుంది. మా విద్యార్థి ట్యాగుల పెట్టె తెరిచి చూస్తే ఫ్లోరైడ్ ఏకవచనంలో ఒకటి, బహువచనంలో ఒకటి, చిన్నక్షరంతో ఒకటి, పెద్దక్షరంతో ఒకటి, ఫ్లోరైడ్ తొలగింపు అని ఇంకొకటి. అతను కట్టుకున్న కొద్దిపాటి ట్యాగులు ఆ గుంపులో కనిపించకుండా పోయాయి.

దీనికి మందు సులభమే. సెట్టింగుల్లో `Automatically tag items with keywords and subject headings` అన్న చోట గుర్తు తీసేస్తే కొత్తవి రావడం ఆగుతుంది. పాతవాటిని ట్యాగుల పెట్టె మెనూలో ఉన్న `Delete Automatic Tags in This Library` తో ఒక్కసారిగా తుడిచేయవచ్చు. మీరు చేత్తో కట్టిన ట్యాగుల జోలికి అది పోదు.

పదిహేను నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది. ఇక ఏం పెట్టాలన్నదే ప్రశ్న.

మూడు ప్రశ్నలు, డజను లోపు ట్యాగులు

మేమిద్దరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. పేపరు చదవకుండా కట్టగలిగే ట్యాగ్ ఏదీ ఉండకూడదు. శీర్షికను బట్టి కట్టగలిగితే అది కంప్యూటర్ పని. చదివితే తప్ప తెలియనిదే మన పని. 'చదవాలి' అన్న ఒక్కదానికే మినహాయింపు. చదవని వాటిని గుర్తుపెట్టుకోవడానికి అది కావాలి కాబట్టి.

అలా చూస్తే అతని థీసిస్‌కు కావలసినవి మూడు ప్రశ్నలే. పరీక్ష ఏ నీళ్లతో చేశారు? ఈ పేపరు నా వాదనలో ఏం పని చేస్తుంది? దీనితో నేను ఎక్కడిదాకా వచ్చాను? ఒక్కో ప్రశ్నకు ఒక ముందుమాట తగిలించాం. అలా చేస్తే అక్షరక్రమంలో ఒకే రకం ట్యాగులు ఒకచోట చేరతాయి.

```
నీరు-బోరు
నీరు-ప్రయోగశాల
నీరు-చెప్పలేదు
పని-ఆధారం
పని-అభ్యంతరం
పని-పద్ధతి
స్థితి-చదవాలి
స్థితి-నోట్సు ఉంది
స్థితి-మూలం చూడలేదు
```

'నీరు' వరుస ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరించాలి. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిని శుద్ధజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేస్తారు. అలా చేస్తే పదార్థం స్వభావం స్పష్టంగా తెలుస్తుంది, తప్పేమీ కాదు. కానీ ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు అలా ఉండవు. వాటిలో సాధారణంగా కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ, నీళ్లు కొంచెం క్షారగుణంతో ఉంటాయి. పదార్థం ఉపరితలం మీద చోటు కోసం బైకార్బొనేట్ కూడా పోటీ పడుతుంది. అందుకే ప్రయోగశాలలో మెరిసిన పదార్థం ఊళ్లో చతికిలబడవచ్చు. పేపరు సారాంశంలో ఈ తేడా చాలాసార్లు కనిపించదు. పద్ధతుల విభాగంలో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. అది చదివిన మనిషి మాత్రమే ట్యాగ్ కట్టగలడు.

జొటెరోలో తొమ్మిది ట్యాగులకు రంగులు ఇవ్వవచ్చు. రంగు ఇచ్చిన ట్యాగ్‌కు ఒకటి నుంచి తొమ్మిది వరకు ఒక అంకె దక్కుతుంది. పేపరు మీద నిలబడి ఆ అంకె నొక్కితే ట్యాగ్ పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. జాబితాలో శీర్షిక పక్కనే రంగు చుక్క కనిపిస్తుంది. ట్యాగుల పెట్టెలో రెండిటిని కలిపి నొక్కితే రెండూ ఉన్న పేపర్లే మిగులుతాయి. 'నీరు-బోరు', 'పని-ఆధారం' కలిపి నొక్కితే ఇంజినీరు గారి ప్రశ్నకు జవాబు తెర మీద ఉంటుంది.

'నీరు-చెప్పలేదు' అన్న ట్యాగ్ మొదట నాకు అనవసరం అనిపించింది. తరువాత అదే ముఖ్యమని తేలింది. అది లేకపోతే, ట్యాగ్ లేని పేపరును చూసినప్పుడు నేను ఇంకా చూడలేదో, చూసినా అందులో సమాచారం లేదో తెలియదు. వెతికి దొరకలేదన్నది కూడా చదివి తెలుసుకున్న విషయమే. దాన్ని రాసిపెట్టకపోతే అదే పేపరును మూడోసారి కూడా తెరుస్తాం.

ఒక్క సంఖ్య చుట్టూ ఒక నోటు

ట్యాగ్ దారి చూపిస్తుంది, కారణం చెప్పదు. కారణం నోట్సులో ఉండాలి. అతని పట్టికలో ఉన్నలాంటి సంఖ్యనే ఒకటి ఊహించుకుని చూద్దాం. ఒక పదార్థం గ్రాముకు 45 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందని ఒక పేపరు చెప్పిందనుకోండి. దాన్ని అలాగే రాసుకుంటే ఏమవుతుంది?

ఊరి నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. 4 నుంచి 1.5కు తేవాలంటే లీటరుకు 2.5 మిల్లీగ్రాములు తీసేయాలి. 45ను 2.5తో భాగిస్తే గ్రాము పదార్థంతో 18 లీటర్లు శుద్ధి అవుతాయి. కుటుంబానికి రోజుకు ఒక గ్రాము చాలు. ఎంత బాగుంది!

ఇప్పుడు పద్ధతుల విభాగం చదవండి. ఆ 45 వచ్చింది లీటరుకు 10 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ కలిపిన ద్రావణాలతో, పీహెచ్ 5 దగ్గర. ద్రావణంలో ఎంత ఎక్కువ ఉంటే పదార్థం అంత ఎక్కువ పట్టుకుంటుంది. 45 అన్నది ఆ వరుస కొసన గీత సాగదీసి చెప్పిన గరిష్ఠం. ఊరి నీళ్ల స్థాయిలో, వాటి క్షారగుణంతో, అది గ్రాముకు 2 మిల్లీగ్రాములకు పడిపోయిందనుకుందాం. అప్పుడు గ్రాముకు ముప్పావు లీటరు కంటే కొంచెం ఎక్కువ శుద్ధి అవుతుంది. 18 లీటర్లు ఎక్కడ, ఇదెక్కడ!

అందుకే అతని నోట్సులో సంఖ్య ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదని నియమం పెట్టాను. ప్రతి నోటూ అయిదే వరుసలు. అడిగిన ప్రశ్న ఏమిటి, ఏ నీళ్లు, ఏ షరతుల్లో ఏ సంఖ్య వచ్చింది, నాకు నమ్మకం కలగనిది ఏమిటి, నా ఏ అధ్యాయంలో దీని చోటు. పైన చెప్పిన ఊహా పేపరుకు అతను ఇలా రాస్తాడు:

```
ప్రశ్న: ఈ పొడి ఎంత ఫ్లోరైడ్ పట్టుకుంటుంది?
నీరు: శుద్ధజలం + సోడియం ఫ్లోరైడ్
సంఖ్య: గ్రా.కు 45 మి.గ్రా. (పీహెచ్ 5, లీ.కు 10-200, పేజీ 6)
అనుమానం: లీ.కు 10 లోపు చూడలేదు, బైకార్బొనేట్ లేదు
చోటు: 2వ అధ్యాయం, అభ్యంతరాల భాగం
```

నాలుగో వరుసే ఈ నోటుకు ప్రాణం. అది పేపరులో లేదు, ఏ వెతుకులాటకూ దొరకదు. రెండేళ్ల తరువాత అధ్యాయం రాసేటప్పుడు అతనికి అక్కరకొచ్చేది ఆ వరుసే. నోటును పేపరు కిందనే, దాని పిల్లగా చేర్చాలి. విడిగా వేరే ఫైలులో రాస్తే కొన్నాళ్లకు ఏ మాట ఏ పేపరుదో తెలియకుండా పోతుంది.

రంగు పూయడం చదవడం కాదు

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. జొటెరోలోనే పీడీఎఫ్ తెరిచి వాక్యాల మీద పసుపు రంగు పూయవచ్చు. తరువాత `Add Note from Annotations` నొక్కితే రంగు పూసిన వాక్యాలన్నీ పేజీ సంఖ్యలతో సహా ఒక నోటుగా తయారవుతాయి. ఒక్క నొక్కుతో నోట్సు సిద్ధం. కానీ అవి మీ మాటలు కావు, రచయిత మాటలే. కొటేషన్ గుర్తులతో వస్తాయి గనుక అక్కడిదాకా ఫరవాలేదు. వాటిని చిత్తుప్రతిలోకి కాపీ చేసి, కొంచెం అటూ ఇటూ మార్చి, గుర్తులు తీసేసినప్పుడే ముప్పు మొదలవుతుంది.

మా విద్యార్థి మొదటి రెండో అధ్యాయం సరిగ్గా అలాగే తయారైంది. సాఫ్ట్‌వేర్ పరీక్షలో పోలిక శాతం హద్దు దాటి వచ్చింది. అతను దొంగిలించాలని అనుకోలేదు. ఏడాది కిందటి నోట్సులో ఏది తన వాక్యమో, ఏది కాదో అతనికే గుర్తు లేదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు మాత్రం ఉద్దేశాన్ని అడగవు, శాతాన్ని చూస్తాయి. పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

దీనికి నేను చెప్పే ఉపాయం కొందరు తోటి అధ్యాపకులకు నచ్చదు. థీసిస్ ఇంగ్లిషులో రాసినా నోట్సు తెలుగులో రాయమంటాను. ఇంగ్లిషు వాక్యాన్ని ఇంగ్లిషులోనే నోటుగా రాస్తే అర్థం కాకపోయినా కాపీ చేయవచ్చు. తెలుగులో రాయాలంటే అర్థం చేసుకోక తప్పదు. అర్థం కానిచోట కలం ఆగిపోతుంది, ఆగినచోటే మళ్లీ చదవాలని తెలుస్తుంది. ఏడాది తరువాత ఆ తెలుగు నోటు చూసి ఇంగ్లిషులో రాసినప్పుడు వచ్చే వాక్యం మీ సొంతం. అసలు రచయిత వాక్యం మధ్యలో ఎక్కడా లేదు కాబట్టి అది మీ కాగితం మీదికి జారిపడే అవకాశం తక్కువ. అయినా ఆ విషయం ఎవరిదో ఉదహరించి తీరాలి. మాటలు మారినంత మాత్రాన ఆలోచన మనది అయిపోదు.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. తెలుగు రాని గైడుకు ఆ నోట్సు పనికిరాదు. వెతుకులాటలో వర్ణక్రమం తేడా వస్తే దొరకదు. ఒకచోట 'ఫ్లోరైడ్' అని, ఇంకోచోట 'ఫ్లోరైడు' అని రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. అందుకని అతను రసాయనాల పేర్లను ఇంగ్లిషులోనే ఉంచడం మొదలుపెట్టాడు, చుట్టూ ఉన్న వాక్యాన్ని మాత్రం తెలుగులో రాశాడు. కలగాపులగంగా కనిపించినా అది అతని కోసం రాసుకున్నది, అచ్చుకు కాదు. ఎక్కడైనా రచయిత మాటే యథాతథంగా కావాలంటే దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పేజీ సంఖ్య వేసి, నోటు చివర విడిగా ఉంచాడు.

చూడని మూలాన్ని చూశామనకుండా

ట్యాగుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'మూలం చూడలేదు'. దాని కథ చెప్తాను.

మన దేశంలో ఫ్లోరోసిస్ మీద రాసే దాదాపు ప్రతి పేపరూ మొదటి పేరాలో 1937 నాటి ఒక నివేదికను ఉదహరిస్తుంది. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ రాసిన ఆ వ్యాసం ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. మా విద్యార్థి చిత్తుప్రతిలో 'ఈ వ్యాధిని 1937లో నల్లగొండలో మొదట గుర్తించారు' అని ఉంది. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తుకొస్తుంది కాబట్టి చదివేవాళ్లకు అనుమానం రాదు. కానీ ఆ వ్యాసం శీర్షికలోనే మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది. నల్లగొండ అప్పట్లో నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఉంది. వ్యాసం చెప్పింది నెల్లూరు జిల్లా గురించి. నీటి శుద్ధికి నల్లగొండ పేరు స్థిరపడింది ఆ తరువాత చాలా కాలానికి, 1970లలో. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టినప్పుడు.

అతను 1937 వ్యాసం చూడలేదు. ఇంకొకరి పేపరు నుంచి రిఫరెన్స్ తెచ్చుకున్నాడు. ఇందులో అతనొక్కడే తప్పుచేసిన వాడేమీ కాదు. సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ఒక తెలివైన పని చేశారు. గ్రంథసూచుల్లో దొర్లిన అచ్చుతప్పులను వెంబడించారు. ఒకే తప్పు పేజీ సంఖ్య పదుల పేపర్లలో కనిపిస్తే, వాళ్లంతా మూలం చూడకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారనే కదా అర్థం. ఆ లెక్కన, ఉదహరించేవాళ్లలో సుమారు 20 శాతం మందే మూలాన్ని చదువుతారని అంచనా వేశారు. అది ఒక నమూనా ఆధారంగా కట్టిన అంచనా, కచ్చితమైన కొలత కాదు. అయినా మనలో ఎవరం ఆశ్చర్యపోము.

రిఫరెన్స్ మేనేజర్ ఈ అలవాటును ఇంకా సులభం చేస్తుంది. చూడని పేపరు కూడా జాబితాలో, చదివిన పేపరు పక్కనే, అదే అక్షరాల్లో, అంతే గౌరవంగా కూర్చుంటుంది. రెండిటికీ తేడా తెలిసింది మీకొక్కరికే. ఆ తేడాను ట్యాగ్‌గా కట్టండి. థీసిస్ సమర్పించే ముందు ఆ ట్యాగ్ నొక్కి చూడండి. మిగిలిన ప్రతిదాన్నీ తెప్పించుకుని చదవండి, లేదా 'ఫలానావారు ఉదహరించిన ప్రకారం' అని నిజాయితీగా రాయండి, లేదా తీసేయండి. మా విద్యార్థి 1937 వ్యాసాన్ని తెప్పించుకుని చదివి, ఆ వాక్యాన్ని సరిదిద్దుకున్నాడు.

వెనక్కి తీసుకున్న పేపర్ల విషయంలో జొటెరో కొంత సాయం చేస్తుంది. 2019 నుంచి రిట్రాక్షన్ వాచ్ జాబితాతో పోల్చి, అలాంటి పేపరు మీ దగ్గర ఉంటే హెచ్చరిస్తుంది. కానీ పేపరుకు డీఓఐ సంఖ్య గానీ పబ్‌మెడ్ సంఖ్య గానీ నమోదై ఉంటేనే అది పట్టుకోగలదు. చేత్తో ఎక్కించిన పాత పేపర్లను మనమే చూసుకోవాలి.

ఇంత సమయం ఎక్కడిది?

ఈ మాట ప్రతి విద్యార్థీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో నోటుకు పదిహేను నిమిషాలు అనుకుంటే 430 పేపర్లకు 107 గంటలు దాటుతుంది. ఎవరూ చేయరు, చేయనక్కర లేదు కూడా. అతను అన్నిటికీ పద్ధతుల విభాగం మాత్రం చూసి 'నీరు' ట్యాగ్ కట్టాడు. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. రోజుకు గంట చొప్పున మూడు వారాలు. తన వాదనకు నిజంగా అవసరమైన 90 పేపర్లకే అయిదు వరుసల నోటు రాశాడు. మిగిలినవి చదవలేదని ఒప్పుకుంటూ 'చదవాలి' ట్యాగ్‌తో వదిలేశాడు. వాటిలో చాలావాటిని ఎప్పటికీ చదవడు. ఆ విషయం తెలిసి ఉండటం, చదివామన్న భ్రమలో ఉండటం కంటే మేలు.

ఇప్పుడు ఈ సమస్య ఇంకా పెరుగుతుంది. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. నా తరం ఒక్క పేపరు కోసం రచయితకు ఉత్తరం రాసి నెలల తరబడి ఎదురుచూసింది. ఇప్పటి విద్యార్థికి దించుకోవడం అరక్షణం పని. దించుకున్నంత మాత్రాన చదివినట్టు అనిపించే మాయ అందులోనే ఉంది.

ఈ పద్ధతి ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్పాలి. ట్యాగులు పెరుగుతూ పోతాయి. ఏడాదికి ఇరవై కొత్తవి పుడితే మొదటికే వస్తాం. నెలకు ఒకసారి పెట్టె తెరిచి, రెండు మూడు పేపర్లకే ఉన్న ట్యాగ్ కనిపిస్తే దాన్ని వేరొకదానిలో కలిపేయాలి. రెండో ప్రమాదం, ప్రశ్న మధ్యలో మారడం. మూడో ఏట అతనికి పదార్థం నుంచి నీళ్లలోకి అల్యూమినియం దిగుతుందా అన్న ప్రశ్న వచ్చింది. ఆ ట్యాగ్ అప్పటిదాకా లేదు. 430కీ మళ్లీ వెళ్లలేదు, 'నీరు-బోరు' ఉన్నవాటికే వెళ్లాడు. మొదటి ట్యాగులు సరిగ్గా ఉంటే రెండో దఫా పని తగ్గుతుంది. మూడోది, అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంచడం. ట్యాగులూ నోట్సూ జొటెరో ఖాతాతో ఉచితంగానే సింక్ అవుతాయి. పీడీఎఫ్‌లకు మాత్రం ఉచిత చోటు 300 మెగాబైట్లే, వందల పేపర్లకు అది చాలదు. జొటెరోను మూసి, `Zotero` ఫోల్డర్ మొత్తాన్ని వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. పీడీఎఫ్ పోతే మళ్లీ దొరుకుతుంది, నోటు పోతే దొరకదు.

మూడు వారాల తరువాత అతను ఇంజినీరు గారికి ఫోన్ చేశాడు. తన 430లో బోరు నీళ్లతో పరీక్షించినవి 46 అని చెప్పాడు. ఇది ఒక విద్యార్థి సేకరణలోని లెక్క మాత్రమే, ప్రపంచంలోని పరిశోధన మొత్తానికి కొలత కాదు. ఆయన వెంటనే రెండో ప్రశ్న వేశారట. "ఆ 46లో నీళ్ల పీహెచ్ మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టు పోసినవి ఎన్ని?"

ఈసారి అతను చూసి చెప్తాననలేదు. 46 నోట్సుల్లో మూడో వరుస చదువుకుంటూ పోయి, ఫోన్ పెట్టేయకుండానే జవాబు చెప్పాడు. ఆ జవాబే అతని థీసిస్ రెండో అధ్యాయానికి మొదటి వాక్యమైంది.